పుట్‌లో 1,700 శాతం: ఉలిక్కిపడాలా?

మార్కెట్ ముగిశాక వచ్చే నిఫ్టీ ఆప్షన్ల నివేదికలో ‘23,000 పుట్‌లో ఓపెన్ ఇంట్రెస్ట్ 1,700 శాతం పెరిగింది’ అని ఉంటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. తీరా చూస్తే 50 లాట్లు 900 అయ్యాయంతే. లక్షల లాట్లు తిరిగే నిఫ్టీలో అది లెక్కలోకి రాదు. అందుకే మంచి నివేదిక శాతం పక్కనే లాట్ల సంఖ్య కూడా ఇస్తుంది.

ఓపెన్ ఇంట్రెస్ట్ అంటే ఇంకా తెగని కాంట్రాక్టుల సంఖ్య. ప్రతి కాంట్రాక్టుకూ కొన్నవారొకరు, అమ్మినవారొకరు ఉంటారు కాబట్టి, అది పెరిగినంత మాత్రాన మార్కెట్ ఎటు పోతుందో తెలియదు. తొందర ఎవరిదో పట్టించేది ఇంప్లైడ్ వొలటిలిటీ, అంటే ఐవీ. ముందుముందు సూచీ ఎంత ఊగుతుందని మార్కెట్ అనుకుంటోందో ఆప్షన్ ధర నుంచి వెనక్కి లెక్కగట్టి తీసే అంకె అది.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. నిఫ్టీ నిన్నా నేడూ 25,000 దగ్గరే ఉంది. 24,500 పుట్‌లో ఓపెన్ ఇంట్రెస్ట్ 20,000 లాట్ల నుంచి 52,000కు చేరింది. ఎక్స్‌పైరీకి నిన్న ఏడు రోజులుంటే నేడు ఆరు. నిన్న ప్రీమియం 23 రూపాయలు, ఐవీ 12 శాతం. ఒక రోజు కరిగింది కాబట్టి నేడు ప్రీమియం 18 చుట్టుపక్కలకు దిగాలి. కానీ 37కు ఎక్కింది. లెక్కగడితే ఐవీ 15 శాతం. సూచీ కదలకుండానే ధర పెరిగిందంటే, ఎక్కువ ఇచ్చయినా సరే పుట్ కావాలని ఎవరో ఎగబడ్డారన్నమాట. అదే ఓపెన్ ఇంట్రెస్ట్ పెరిగి, ప్రీమియం 14కు దిగి, ఐవీ కూడా తగ్గి ఉంటే, ఆ ఒత్తిడి ఆప్షన్ రాసేవారిదని అర్థం.

ఇంత స్పష్టంగా కనిపించినా ‘నిఫ్టీ పడబోతోంది’ అని రాయకూడదు. ఆ కొన్నది చేతిలోని షేర్లకు రక్షణగా కావచ్చు. అదే రోజు 24,000 పుట్‌లోనూ దాదాపు అన్నే లాట్లు చేరి ఉంటే, ఒకటి కొని మరొకటి అమ్మిన స్ప్రెడ్ కావచ్చు. రెండు స్ట్రైకులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ అనుమానం వస్తుంది.

ఇక దేన్ని అసాధారణమనాలి? ఎక్స్‌పైరీకి ఆరు రోజులున్న ఆప్షన్‌ను, గత వారాల్లో ఆరు రోజులే మిగిలి, సూచీకి అంతే దూరంలో ఉన్న ఆప్షన్లతో పోల్చాలి. ఎక్స్‌పైరీ మర్నాడు ఓపెన్ ఇంట్రెస్ట్ మొత్తం పడిపోవడం మామూలే. పెద్ద ఘటనకు ముందు ఐవీ పెరగడమూ అంతే. 2024 జూన్ 4న లోక్‌సభ ఫలితాల నాడు నిఫ్టీ సుమారు 6 శాతం పడింది. ఇండియా విక్స్ 26 దాటి ముగిసి, మర్నాడే 19 దగ్గరకు జారింది. అలాంటి తేదీ ముందుందో లేదో చెప్పకుండా ‘ఐవీ ఎగసింది’ అని రాస్తే, చదివినవారికి దక్కేది సగం సమాచారమే.