పురానాపూల్ నడినెత్తి రాయి ఎందుకు ఊడిపడదు?

మామా, గ్రూప్‌లో నువ్వు పెట్టిన పురానాపూల్ ఫొటో చూశాను. 1578లో కుతుబ్‌షాహీల కాలంలో మూసీ మీద కట్టిన రాతి వంతెన. స్టీల్ లేకుండా కమాను నడినెత్తిన రాయి ఎలా నిలిచిందని అడిగావు. సివిల్ నీది, జవాబు సీఎస్ఈ వాడు చెప్పాలా!

రాయి నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే అతుకుల దగ్గర విడిపోతుంది. కమానులో ప్రతి రాయీ పక్కరాయిని నొక్కుతూ బరువును వంపు వెంట పాదాలకు దింపుతుంది. అక్కడ బరువు కిందికే కాదు, పక్కకీ తోస్తుంది. ఊరికే అనుకుందాం: వెడల్పు 8 మీటర్లు, ఎత్తు 4, మీటరుకు 100 కిలోన్యూటన్ల బరువు.

H = wL²/8h = 100×64/32 = 200

అంటే 200 కిలోన్యూటన్ల తోపు. ఎత్తు సగం చేస్తే తోపు రెట్టింపు!

పక్కపక్క కమానుల తోపులు మధ్య స్తంభం దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒడ్డు దగ్గరి చివరి కట్టడానికి ఆ తోడు లేదు. అది కాస్త జరిగితే కమాను నడినెత్తిన అడుగువైపు, పాదాల దగ్గర పైవైపు బీటలు తెరుచుకుంటాయి. వెంటనే భయపడక్కర్లేదు, మూడు చోట్ల మడత పడ్డ కమాను ఇంకా నిలుస్తుంది. నాలుగో మడత వస్తేనే కూలుతుంది.

మరి గోల్కొండ సమాధుల మీది గుమ్మటాలు? గుమ్మటం అంటే గుండ్రంగా తిప్పిన కమానే, కాకపోతే రాళ్లు ఉంగరాలుగా కూడా పట్టుకుంటాయి. అర్ధగోళమైతే శిఖరం నుంచి సుమారు 52 డిగ్రీల దాకా ఉంగరాలు నొక్కుకుంటాయి, ఆ కింద విచ్చుకోవాలని చూస్తాయి. గుమ్మటం బీటలు అడుగు నుంచి నిలువుగా పైకి పాకేది అందుకే.