బిందెలో ఉంగరం దగ్గర పెళ్లికూతురి చెల్లెలి పాట: ఒక రచనా పాఠం

స్త్రీల పాటల్లో పెళ్లి పాటలది పెద్ద భాగమని గత పాఠంలో తెలుసుకున్నారు. నలుగు పాట, బంతి పాట, వియ్యాలవారి పాట, తలుపు దగ్గరి పాట, అప్పగింతల పాట వంటివి అన్నీ ఒక్కో సందర్భానికి కట్టుబడి ఉంటాయి. తలుపు దగ్గరి పాట మగపెళ్లివారి ఆడపడుచుది. కొత్త దంపతులను గడప దగ్గర ఆపి పేర్లు చెప్పించే హక్కు ఆమెకే ఉంది. అలాంటి హక్కు పెళ్లికూతురి చెల్లెలికి దొరికే చోటు బిందెలో ఉంగరం ఆట. ఈ పాఠంలో ఆ ఆటకు సరిపోయే ఒక పాటను మొదటి నుంచి కట్టి చూద్దాం. హాస్యాన్నీ ఆప్యాయతనూ ఒకే పాటలో ఎలా ఇమడ్చాలి అనేదే ఇక్కడి ప్రశ్న.

ఎవరు ఎవరిని ఆటపట్టించవచ్చు?

పాట రాసే ముందు వరస తేల్చుకోవాలి. పెళ్లికూతురి చెల్లెలికి పెళ్లికొడుకు బావ. బావామరదళ్ల మధ్య సరసం చెల్లుతుంది కాబట్టి, ‘నువ్వు’ అని పిలిచి నలుగురిలో నవ్వించినా ఎవరూ తప్పు పట్టరు. అదే అక్క పాడితే అతడు ఆమెకు మరిది అవుతాడు, ఆమె అతనికి వదిన. అప్పుడు పాటలో ఎగతాళి తగ్గి బుద్ధి చెప్పే స్వరం పెరుగుతుంది.

వియ్యపురాలిని దెప్పే పాటలు మనకు బోలెడున్నాయి. కానీ అవి పెద్ద ముత్తయిదువలకు చెల్లుతాయి, పద్దెనిమిదేళ్ల చెల్లెలి నోట అవి పెడసరంగా వినిపిస్తాయి. ఎవరిని అన్నాం అన్నదే కాదు, దేన్ని అన్నాం అన్నదీ చూడాలి. అతను మెలివేసుకున్న మీసాన్ని అనవచ్చు, అది అతని ముచ్చట. ఒంటి రంగునో, జీతాన్నో, కట్నాన్నో అంటే ఎంత చక్కగా ప్రాస కుదిరినా పందిరి చల్లబడిపోతుంది.

పాట

ఆట సాధారణంగా మూడుసార్లు ఆడిస్తారు. మూతి సన్నగా ఉన్న బిందెలో నీళ్లు పోసి, ఉంగరం వేసి, ఇద్దరి చేతులూ ఒకేసారి పెట్టమంటారు. కాబట్టి మూడు చరణాలు మూడు మునకలకు, చివరి చరణం ఫలితానికి సరిపోతాయి. ప్రతి చరణం తరువాత పల్లవి తిరిగి వస్తుంది.

వెతుకూ వెతుకూ ఓ బావా
బిందెలొ ఉంగరమేదోయీ

మూతిన మీసం మెలివేసీ
మోచేయంతా ముంచేవూ
దొరికినదేమిటి చూపించూ
గుప్పెడు నీళ్లే తెచ్చేవూ

అక్కకు కోపం వచ్చిందా
అన్నం మాటే ఎత్తదుగా
కమ్మని కూరా వండిందా
కంచం పక్కన ఉప్పుంచూ

రాత్రికి దుప్పటి లాగేదీ
ఇక నా పక్కన లేదోయీ
దుప్పటి మొత్తం నాకేలే
నిద్దుర మాత్రం రాదోయీ

ఉంగరమక్కే తీసిందా
ఓడితివనుకోకోయ్ బావా
బిందెలొ చెయ్యీ తీశాకా
పట్టిన చెయ్యీ విడువొద్దూ

నడక ఎలా కుదిరింది?

ఇది చతురస్రగతి, అంటే నాలుగేసి మాత్రల నడక. హ్రస్వాక్షరానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. ద్విత్వానికో సంయుక్తానికో ముందున్న అక్షరానికీ, సున్న ఉన్న అక్షరానికీ రెండే. ‘రాత్రికి’ (2+1+1), ‘దుప్పటి’ (2+1+1), ‘లాగే’ (2+2), ‘దీ’ (2): మూడు పూర్తి గణాలు, ఆపై సగం గణం. మిగిలిన రెండు మాత్రలు ఊపిరి తీసుకోవడానికి. అన్ని పాదాలూ ఈ కొలతకే ఉన్నాయి. ‘కూరా’, ‘చూపించూ’ వంటి చోట్ల చివరి అక్షరం సాగింది అందుకే. పాటలో ఇది దోషం కాదు.

కాగితం మీద లెక్క కన్నా చప్పట్లు నమ్మకమైన పరీక్ష. గణానికొక చప్పట చొప్పున కొడుతూ పాడండి. రా, దు, లా, దీ అక్షరాల మీద చప్పట పడుతుంది. ఇప్పుడు అదే పాదాన్ని ‘రాత్రిపూట దుప్పటి లాగేది’ అని మార్చి పాడండి. అర్థం అదే, మాటలూ సహజమే. కానీ రెండో చప్పట ‘పూ’ అనే దీర్ఘం మధ్యలో పడి నాలుక తడబడుతుంది. ‘రాత్రి’, ‘పూట’ మూడేసి మాత్రల మాటలు కావడమే కారణం. చప్పట మాట నడుమ పడి పాడేవారు తడుముకుంటున్నారంటే ఆ పాదం తిరగరాయాలి.

‘మూతిన - మోచేయంతా’, ‘కమ్మని - కంచం’ అన్నచోట్ల మొదటి అక్షరాల పోలిక కుదిరింది. అన్నిచోట్లా కుదరలేదు. నోటి పాటకు అంత పట్టింపు అవసరం లేదు.

నవ్వు ఎక్కడ మలుపు తిరిగింది?

కొత్తగా రాసేవారు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. మూడు చరణాలు హాస్యం రాసి, చివరలో ‘మా ఇంటి దీపానివి’, ‘బంగారు బొమ్మవు’ అంటూ ఒక చరణం అతికిస్తారు. ఆ మాటలు ఏ ఇంటి పెళ్లికూతురికైనా చెల్లుతాయి, కనుక ఆమె గురించి ఏమీ చెప్పవు. అతుకు కూడా కనిపిస్తుంది.

పై పాటలో మూడో చరణాన్ని మళ్లీ చూడండి. దుప్పటి లాక్కోవడం ఇద్దరక్కచెల్లెళ్ల రోజువారీ తగవు. మొదటి పాదానికి అందరూ నవ్వుతారు. మూడో పాదంలో చెల్లెలు గెలిచినట్టే ఉంటుంది, దుప్పటంతా తనకే. నాలుగో పాదంలో అదే దుప్పటి అక్క లేని లోటును చెబుతుంది. వస్తువు మారలేదు, కొత్త ఉపమానం రాలేదు, ‘ప్రేమ’ అనే మాటా లేదు. రెండో చరణంలోనూ ఇదే జరుగుతోంది. అక్క ఉప్పు మరిచిపోతుందని వేళాకోళం చేస్తూనే, అలిగితే అన్నం తినదనే సంగతిని బావకు అందిస్తోంది. అది పక్కన పడుకుని పెరిగినవాళ్లకే తెలిసే సంగతి.

ఈ చరణాన్ని మొదట పెడితే ఏమవుతుంది? అక్క కళ్లు తుడుచుకుంటుంది, ఆట ఆగిపోతుంది. ఏడిపించే పని అప్పగింతల పాటది. ఇక్కడ రెండుసార్లు నవ్వించాకే దుప్పటి రావాలి, వెంటనే చివరి చరణం ఆటను మళ్లీ అందుకోవాలి.

చివరి చరణంతో ఒక చిక్కుంది. ఉంగరం ఎవరికి దొరుకుతుందో ముందుగా తెలియదు! అందుకని రెండో పాఠం కూడా సిద్ధంగా ఉండాలి. బావ గెలిస్తే మొదటి రెండు పాదాలు ఇలా మారతాయి:

ఉంగరమీవే తీశావా
గెలిచితివనుకోకోయ్ బావా

‘ఈవే’ అంటే నీవే. తరువాతి రెండు పాదాలు మార్చనక్కరలేదు. గెలిచినవాడికైనా ఓడినవాడికైనా ఆ మాట ఒక్కటే.

అభ్యాసం

1. ఈ పాటను పెళ్లికూతురి అక్క పాడుతున్నట్లు మార్చండి. ‘ఓ బావా’ స్థానంలో ‘ఓ మరిదీ’ అన్నా మాత్రలు సరిపోతాయి (2+1+1+2). ‘అక్కకు’ బదులు ‘చెల్లికి’ కూడా సరిపోతుంది. ‘ఉంగరమక్కే తీసిందా’ అన్న పాదం మాత్రం అలా కుదరదు. ఎందుకో చప్పట్లతో తెలుసుకుని, ఆ పాదాన్ని కొత్తగా రాయండి.

2. దుప్పటి చరణం బదులు, మీ తోబుట్టువుతో మీరు నిజంగా పడిన ఒక చిన్న తగవును తీసుకుని నాలుగు పాదాలు రాయండి. తగవులోని వస్తువు మొదటి పాదంలోనూ మూడో పాదంలోనూ కనిపించాలి.