మూడు శాతం వడ్డీ రాయితీ ఖరీదెంత? రామచంద్రపురం డ్రయ్యర్ లెక్క

సార్వా కోతల వేళ ఈశాన్య రుతుపవనాల వాన పడితే రామచంద్రపురం చుట్టుపక్కల కళ్లాల్లో ధాన్యం ఆరదు. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. అందుకే ధాన్యం డ్రయ్యర్, దానికి ఆనుకుని గోడౌన్ పెట్టాలన్న ఆలోచన ఇక్కడి మిల్లర్లకు సహజంగానే వస్తుంది. 2020లో కేంద్రం మొదలుపెట్టిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద రూ.2 కోట్ల వరకు రుణానికి ఏడేళ్ల పాటు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. ఆ రాయితీ చూసి పెట్టుబడి పెట్టవచ్చా? ఊహాజనితమైన ఒక యూనిట్‌తో లెక్క వేద్దాం.

ఖర్చు రూ.200 లక్షలు. అందులో బ్యాంకు అప్పు 140 లక్షలు. అసలును ఏడాదికి 20 లక్షల చొప్పున ఏడేళ్లలో తీర్చాలి. బ్యాంకు వడ్డీ 9 శాతం, రాయితీ పోను 6 శాతం. యజమాని భాగస్వామ్య సంస్థ కాబట్టి 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు కలిపి 31.2 శాతం.

అప్పు, సొంత డబ్బు కలిపి సగటు రేటు ఒకటి కట్టి అంతటినీ దానితోనే లెక్కించడం మామూలు పద్ధతి. ఇక్కడ అప్పు ఏటా తరిగిపోతుంది గనుక ఆ సగటు ఏ ఏటికీ సరిగా కుదరదు. 1974లో స్టీవర్ట్ మైయర్స్ చూపిన దారి సులువు. అప్పు లేదనుకుని ప్రాజెక్టు విలువ కట్టి, అప్పు తెచ్చే లాభాలను పక్కన విడిగా కలపాలి. దీన్నే సర్దుబాటు ప్రస్తుత విలువ అంటారు.

ముందు అప్పు ఊసెత్తకుండా చూద్దాం. పన్ను పోను ఏటా 36 లక్షలు, పదేళ్లు వస్తాయనుకుందాం. ఈ వ్యాపారపు రిస్కుకు 14 శాతం రాబడి కోరితే వాటి నేటి విలువ 187.78 లక్షలు. పెట్టుబడి 200. అంటే 12.22 లక్షల నష్టం. సొంత కాళ్ల మీద ఈ యూనిట్ నిలబడదు.

ఇప్పుడు రాయితీ. మొదటి ఏడు 140 లక్షల మీద 3 శాతం, అంటే 4.2 లక్షలు. తర్వాతి ఏడు 3.6 లక్షలు. అలా తగ్గుతూ ఏడేళ్లలో మొత్తం 16.8 లక్షలు. దీన్ని 9 శాతంతో నేటి విలువకు తెస్తే 13.11 లక్షలు. 6 శాతంతో ఎందుకు తేకూడదు? రాయితీ లేకపోతే ఈ అప్పుకు బ్యాంకు అడిగే ధర 9 శాతం. ఆరుతో తెస్తే వాయిదాల విలువ సరిగ్గా 140 లక్షలే అవుతుంది, రాయితీ కంటికే కనబడదు.

మిగిలింది పన్ను ఆదా. కట్టిన వడ్డీ ఖర్చు కింద పోతుంది కాబట్టి, మొదటి ఏడు 8.4 లక్షల వడ్డీపై 2.62 లక్షల పన్ను తగ్గుతుంది. ఏడేళ్ల ఆదా నేటి విలువ 8.18 లక్షలు.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పన్ను ఆదాను 9 శాతం వడ్డీ మీద వేసి 12.27 లక్షలు రాసుకుంటారు, రాయితీ 13.11 లక్షలూ మొత్తంగా కలుపుకుంటారు. ప్రభుత్వం భరించిన వడ్డీకి మనకు పన్ను తగ్గదు. రాయితీని ఆదాయంగా చూపినా దానిపై పన్ను పడుతుంది కాబట్టి ఫలితం ఒకటే. ఈ పొరపాటుతో విలువ నాలుగు లక్షలకు పైగా ఉబ్బుతుంది. ప్రాజెక్టు రిపోర్టు చేతికొస్తే మొదట ఈ గడి చూడండి.

సరైన మొత్తం: నష్టం 12.22, దానికి 13.11, 8.18 కలిపితే 9 లక్షల పైచిలుకు మిగులు. రాయితీ లేకుండా 9 శాతం అప్పే తెచ్చి ఉంటే మిగిలేది ఐదు వేలు. అంటే మిగులు దాదాపు అంతా పన్ను పోను రాయితీ చలవే.

ఈ మిగులు ఎంత గట్టిది? యంత్రాల తరుగుదల వల్ల మొదటి రెండేళ్లూ లాభం చూపక, ఆ ఏళ్ల పన్ను ఆదా మూడో ఏటికి జరిగిందనుకోండి. పోయేది సుమారు 54 వేలు, భరించవచ్చు. ధాన్యం తక్కువ వచ్చి ఏటా చేతికొచ్చేది 36 లక్షలకు బదులు 34 అయితే మాత్రం విలువ 10.43 లక్షలు పడిపోతుంది. రాయితీ, పన్ను ఆదా రెండూ ఉన్నా యూనిట్ మళ్లీ నష్టంలోకి జారుతుంది.

కాబట్టి బ్యాంకులో పథకం గడువు, షరతులు అడిగే ముందు, దాళ్వాలో డ్రయ్యర్ ఎన్ని రోజులు ఖాళీగా ఉంటుందో కాగితం మీద రాసుకోండి.