పదహారు అడుగుల ఇల్లు, అటూ ఇటూ పొరుగు

విజయవాడ వన్‌టౌన్‌లోనో, హైదరాబాద్ పాత బస్తీలోనో గోడకు గోడ ఆనుకుని ఉన్న వరుసలో పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టాలనుకునేవాళ్లు ముందుగా చేయించుకునేది 3డీ ఎలివేషన్. ఆ బొమ్మ చూసే ఇంట్లోవాళ్లు రంగులు, టైల్స్, గ్రిల్స్ ఖాయం చేస్తారు. మేస్త్రీ కూడా దాన్నే ఫోన్‌లో పెట్టుకుని పని చేస్తాడు. కానీ చాలా బొమ్మల్లో ఇల్లు ఒంటరిగా ఉంటుంది. ముందు నాలుగు కార్లు పట్టే రోడ్డు, రెండు పక్కలా పచ్చిక, వెనకంతా నీలాకాశం. ఇరుకింటి బొమ్మలో ముందు గీయాల్సింది పొరుగిళ్లను అని నా గట్టి అభిప్రాయం. ఎందుకో ఒక లెక్క వేసి చూద్దాం.

పదహారు అడుగుల వెడల్పు, నలభై అడుగుల లోతు ఉన్న తూర్పు ముఖం స్థలం అనుకుందాం. కింద ఒక అంతస్తు, పైన రెండు. పునాది ఎత్తు, పిట్టగోడ కలిపి మొత్తం 35 అడుగులు. ఎడమ పక్కన ఒకటే అంతస్తున్న పాత పెంకుటిల్లు, కుడి పక్కన రెండంతస్తుల డాబా. ముందు సందు 20 అడుగులు, దానికి అవతల ఎదురింటి వరుస.

ఎదురింటి గోడకు వీపు ఆనించి నిలబడితే మన కన్ను నేలకు అయిదుంబావు అడుగుల ఎత్తులో ఉంటుంది. పిట్టగోడ అంచు చూడాలంటే చూపు దాదాపు 56 డిగ్రీలు పైకి లేవాలి. ఫొటోగ్రాఫర్లు ఇళ్లకు వాడే 24 ఎంఎం వెడల్పు లెన్స్‌ను నిటారుగా పట్టుకున్నా ఆ అంచు ఫొటోలోకి రాదు. కంప్యూటర్‌లో ఈ ఇబ్బంది లేదు. కెమెరాను ఎదురింటి హాల్లోకి, అక్కడినుంచి వంటింట్లోకి జరిపి అరవై అడుగుల దూరంలో పెట్టి, అడ్డొచ్చే గోడలను `Clip Start` అనే సెట్టింగ్‌తో కోసేస్తారు. ఇల్లు మొత్తం బొమ్మలో చక్కగా పడుతుంది. దాంతోపాటు ఇరవై అడుగుల సందు కూడా మైదానమైపోతుంది. బొమ్మలో కనిపించే రోడ్డు వెడల్పును ఇంటి వెడల్పుతో పోల్చి చూస్తే ఈ మోసం దొరికిపోతుంది. మన లెక్కలో రోడ్డు ఇంటి వెడల్పుకు ఒకటింబావు వంతే ఉండాలి, మూడు నాలుగు రెట్లు కనబడకూడదు.

సరైన దారి సందు వెంట పక్కకు నడవడం. ముప్పై అడుగులు జరిగి ఏటవాలుగా చూస్తే ఇల్లు సుమారు 35 అడుగుల దూరంలో ఉంటుంది. చూపు 40 డిగ్రీలు లేస్తే చాలు. కెమెరాను పైకి వంచకుండా అడ్డంగానే ఉంచి, `Shift Y` తో బొమ్మను పైకి జరిపితే గోడలు వెనక్కి వాలిపోకుండా నిటారుగా నిలుస్తాయి. అప్పుడు పక్కింటి గోడ బొమ్మలో మూడో వంతు ఆక్రమిస్తుంది, మన ముఖభాగం సన్నబడుతుంది. రేపు ఆ ఇంటికి వచ్చే బంధువులకు కనిపించేదీ అదే కాబట్టి అలాగే ఉండనివ్వాలి.

ఇక అసలు చిక్కంతా పక్కగోడలది. పాత వరుసల్లో రెండిళ్ల మధ్య ఒకే ఉమ్మడి గోడ ఉండేది. ఇవాళ కొత్తగా కట్టేవాళ్లు ఎక్కువమంది తమ హద్దు లోపల సొంత గోడే లేపుకుంటారు. రెండు పక్కలా తొమ్మిదంగుళాల గోడలు పోతే పదహారు అడుగుల్లో లోపల మిగిలేది పద్నాలుగున్నర. డిజైనర్ గోడకు మందం ఇవ్వకుండా ఒట్టి రేకులా గీస్తే కిటికీ, తలుపు, ఆర్చి అన్నీ హద్దు దాకా సాగిపోతాయి. కట్టేటప్పుడు అవేవీ పట్టవు. ముఖభాగం చివర కనీసం గోడ మందమంత భాగం ఏ ఖాళీ లేకుండా గట్టిగా కనబడుతోందా అన్నది మొదట చూడాలి.

రెండు పెట్టెలను ఒకదానికొకటి సరిగ్గా అంటించి గీసినా గొడవే. రెండు ముఖాలు ఒకే చోట పడితే ఏది ముందుందో సాఫ్ట్‌వేర్‌కు తేలదు. అక్కడ మచ్చలు మచ్చలుగా మెరుస్తుంది. నిజంలో మన గోడకూ పక్కింటి గోడకూ మధ్య అంగుళం సందు ఉంటుంది. ముందు నుంచి దాన్ని సిమెంటుతో పూసేస్తారు. కొన్నాళ్లకు అక్కడే నిలువునా వెంట్రుక పగులు వస్తుంది, వానలకు దాని వెంట నల్లటి చార దిగుతుంది. బొమ్మలో ఆ అంగుళం వదిలి, సన్నని గీత నీడ పడనిస్తే ఇవి రెండు వేర్వేరు ఇళ్లని కన్ను వెంటనే నమ్ముతుంది. సజ్జలు, బాల్కనీలు, ఇప్పుడు మోజుగా పెట్టే సిమెంటు ఫ్రేములు ఆ గీత దగ్గరే ఆగాలి. ఎన్నో బొమ్మల్లో అవి అడుగు మేర పక్కింటి మీదికి పోయి, పదహారు అడుగుల ఇంటిని పద్దెనిమిదిగా చూపిస్తాయి. అంతస్తుల గీతలు కూడా పక్కింటితో కలవనక్కర్లేదు. వేర్వేరు కాలాల్లో కట్టిన ఇళ్ల స్లాబులు ఒక మట్టానికి రావు. కలిపి గీస్తే అపార్ట్‌మెంట్‌లా ఉంటుంది.

వెలుతురు దగ్గరా పొరుగిళ్లే లెక్క తేలుస్తాయి. ఎదురిల్లు 33 అడుగుల ఎత్తుంటే మార్చి నెలాఖరులో మన కింది అంతస్తు అడుగు దాకా ఎండ దిగేసరికి పది దాటుతుంది. పన్నెండు దాటితే తూర్పు గోడ మీద ఎండే లేదు. కింది వాకిలి ఎండలో మెరవాలంటే ఆ రెండు గంటలే. పొద్దున ఏడింటి బంగారు రంగు ఎండ గడప మీద పడ్డట్టు గీస్తే అది ఎదురిల్లు లేని ఊరు. ఇంటి లోపలా అంతే. పక్క గోడలకు కిటికీలు పెట్టే వీల్లేదు కాబట్టి వెలుతురు ముందునుంచి, వెనకనుంచి, మధ్యలో ఆకాశానికి తెరిచి వదిలిన ఖాళీనుంచి మాత్రమే రావాలి. ముందు కిటికీలోంచి చూస్తే గది లోపలికి పోయేకొద్దీ చీకటి పడాలి. పొరుగిళ్లను ఫొటో అట్టముక్కల్లా నిలబెడితే ఈ చీకటి రాదు. వాటిని పూర్తి లోతుతో, పూర్తి ఎత్తుతో గీయాలి. లేకపోతే గదులన్నీ లాంతర్లలా వెలుగుతాయి.

కొలత సరిగ్గా ఉందో లేదో పట్టుకోవడానికి ఇటుక క్లాడింగ్ బాగా పనికొస్తుంది. మన మూడంగుళాల ఇటుకతో ఏడడుగుల తలుపు ఎత్తుకు పాతిక దాకా వరుసలు రావాలి. పన్నెండే ఉంటే ఇల్లు బొమ్మరిల్లులా చిన్నబోతుంది, కారణం ఏమిటో చూసేవాడికి తెలియకపోయినా.

ఇక ఎడమవైపు పెంకుటింటి మీదుగా కనిపించే మన పక్కగోడ. రెండంతస్తుల ఎత్తున, నలభై అడుగుల పొడవున ఉండే ఆ గోడకు బొమ్మలో తెల్ల రంగు, కిటికీలు పెట్టేస్తారు. నిజంలో దానికి సారువ కట్టాలంటే పక్కవాళ్ల పెంకుల మీదినుంచే కట్టాలి. వాళ్లు ఒప్పుకోకపోతే ఆ గోడ ఏళ్ల తరబడి పచ్చి ఇటుకగా మిగిలిపోతుంది. మన ఊళ్లలో ఎటు చూసినా అలాంటి గోడలే. అందుకే సందు చివరినుంచి ఆ గోడ కనిపించేలా రెండో బొమ్మ అడగాలి. అందులో గోడను ముందు పచ్చి ఇటుకతో, తర్వాత పూత వేసి, రెండు రకాలుగా గీయించాలి. ఆ రెండు బొమ్మలూ పట్టుకుని పక్కింటివాళ్ల దగ్గరికి స్లాబు పడకముందే వెళ్లాలి. సారువ ఎన్ని రోజులుంటుంది, పగిలిన పెంకులు ఎవరు వేయిస్తారు, వాళ్లు పైన కట్టుకునే ఆలోచనలో ఉన్నారా అన్నవి అడగాలి. కట్టుకుంటామంటే ఆ గోడ మీద రంగు ఖర్చే అక్కర్లేదు. వాన దిగకుండా సిమెంటు పూత చాలు.