మాత్రల కవర్‌పై 1-0-1.. కళ్లు మసకబారిన పెద్దాయన ఏమని చదవాలి? తెలుగు లేబుల్ ఎలా రాయాలంటే..

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు పల్లెల్లో వానల్లేని ఏడాది పిల్లలు బెంగళూరుకు పనికి వెళ్లిపోతారు. ఇంట్లో మిగిలేది ముసలివాళ్లే. వాళ్ల చేతిలో బీపీ మాత్ర, షుగర్ మాత్రల కవర్లు. చదివి చెప్పే మనిషి పక్కన లేనప్పుడు ఆ కవర్ మీద రాతే దిక్కు.

ఆ రాత ఎలా ఉంటోంది? మెరిసే అల్యూమినియం పట్టీ మీద సన్నటి ఇంగ్లీషు అక్షరాలు. కవర్ మీద పెన్నుతో గీసిన 1-0-1. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని దాని అర్థం. అలవాటు లేని కంటికి అది నూట ఒకటి!

మందు అసలు పేరు బ్రాండ్ పేరు కంటే కనీసం రెండు సైజులు పెద్దగా ఉండాలని 2018లో కేంద్రం రూల్ తెచ్చింది. మంచిదే. కానీ అది ఒక పేరును ఇంకో పేరుతో పోల్చే రూలే. రెండూ చిన్నవైతే రెండూ కనపడవు.

మరి ఎంత సైజు కావాలి? లెక్క చూద్దాం. చూపు 6/18 ఉన్న మనిషి కవర్‌ను 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే, కనీసం 1.75 మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరాన్ని పోల్చుకోగలడు. అది కష్టపడి చూస్తే. తడబడకుండా చదవాలంటే దానికి రెట్టింపు, అంటే 3.5 మిల్లీమీటర్లు పెట్టుకోవాలి. కంప్యూటర్‌లో "16 సైజు" అని పెడితే సరిపోదు. ఒక ఫాంట్‌లో 16 పెద్దగా, ఇంకో ఫాంట్‌లో అదే 16 చిన్నగా వస్తుంది. ప్రింట్ తీసి, వత్తులు లేకుండా 'ద' అక్షరాన్ని స్కేలుతో కొలవడమే నమ్మకం.

తెలుగుకు ఇంకో చిక్కుంది. ప-వ, మ-య, ద-ధ లాంటి జతల్లో తేడా ఒక చిన్న గీతో, కాస్త ఖాళీయో. గీత మరీ సన్నగా ఉంటే శుక్లం ఉన్న కంటికి మాయమవుతుంది. మరీ బొద్దుగా చేస్తే అక్షరం లోపలి ఖాళీ పూడిపోతుంది. మధ్యస్థంగా లావున్న ఫాంటే మేలు. పై లైను వత్తులు కింది లైను గుడులకు తగలకూడదు కాబట్టి లైనుకు ఒక సెంటీమీటరు ఇవ్వాలి. మెరవని తెల్ల కాగితం మీద నల్ల సిరా వాడాలి. శుక్లం ఉన్నవాళ్లకు మెరుపే పెద్ద శత్రువు.

ఇక మాటలు. ఒక పెద్దాయనకు గ్లిమిపిరైడ్ 1 ఎంజీ రోజుకు ఒకసారి, మెట్‌ఫార్మిన్ 500 ఎంజీ రెండుసార్లు రాశారనుకుందాం. రెండూ షుగర్ మాత్రలే. రెండు కవర్ల మీదా "షుగర్" అని మాత్రమే రాస్తే ఏమవుతుంది? గ్లిమిపిరైడ్ రెండుసార్లు వేసుకుని రాత్రి తినకుండా పడుకుంటే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, మగత.. ఇంట్లో ఒంటరిగా. అందుకే కవర్ మీద ఇలా ఉండాలి:

షుగర్ మాత్ర - గ్లిమిపిరైడ్ 1 ఎంజీ
పొద్దున 1 మాత్ర
టిఫిన్‌కు ముందు
రాత్రి వద్దు

రెండో కవర్ మీద "పొద్దున 1, రాత్రి 1, తిన్నాక" అని వేరుగా రాయాలి. నాలుగు లైన్లు నాలుగు సెంటీమీటర్లలో అయిపోతాయి, మామూలు కాగితం కవర్‌పై పట్టేస్తాయి. "రోజుకు రెండుసార్లు", "పరగడుపున", "మోతాదు" లాంటి మాటలు వద్దు. ఏ పూటో పేరు పెట్టి చెప్పాలి.

చదవగలిగితే అర్థమైనట్టేనా? కాదు. అమెరికాలో 2006లో వచ్చిన ఒక పరిశోధనలో, చదువు తక్కువున్న రోగుల్లో దాదాపు 71 శాతం "రెండు మాత్రలు రోజుకు రెండుసార్లు" అన్న లేబుల్‌ను సరిగ్గా చదివారు. రోజుకు ఎన్నో తీసి చూపించమంటే సరిగ్గా చూపింది దాదాపు 35 శాతమే. అందుకే "అర్థమైందా తాతా?" అని అడిగితే లాభం లేదు. "రేపు పొద్దున ఏది వేసుకుంటావు, తీసి చూపించు తాతా" అనాలి. అది కూడా మెడికల్ షాపు ట్యూబ్‌లైట్ కింద కాదు, ఇంట్లో ఆయన కూర్చునే చోట.

పట్టీని కత్తిరించేటప్పుడూ జాగ్రత్త. పేరు, గడువు తేదీ ఉన్న ముక్క ముందే పోతే మిగిలిన మాత్రలు ఏవో ఎవరూ చెప్పలేరు. ఆ ముక్కను చివరికి ఉంచాలి.

చూపు 6/60కి పడిపోతే ఇదే లెక్కన అక్షరం దాదాపు 12 మిల్లీమీటర్లు ఉండాలి. కవర్ మీద రెండు మూడు మాటలే పడతాయి. అప్పుడు రాతను నమ్ముకోకుండా పొద్దుటి మాత్రల డబ్బాకు ఒక రబ్బర్ బ్యాండ్, రాత్రి డబ్బాకు రెండు వేసి, వేలితో తడిమి గుర్తుపట్టేలా చేయడం నయం.