అప్‌టైమ్ నూటికి నూరు, టికెట్లు మాత్రం బుక్ కాలేదు

సాఫ్ట్‌వేర్ ఉత్పత్తుల వారపు నివేదికలో యాజమాన్యం ముందుగా చూసేది రెండు అంకెలు. వారంలో యాప్ ఎంతసేపు అందుబాటులో ఉందో అప్‌టైమ్ చెబుతుంది. వచ్చిన రిక్వెస్టుల్లో ఎన్ని సర్వర్ వైపు లోపంతో విఫలమయ్యాయో ఎర్రర్ రేట్ చెబుతుంది. పాస్‌వర్డ్ తప్పు కొడితే వచ్చే 401 లాంటివి సాధారణంగా ఇందులోకి రావు. 500, 502, 503 లాంటివే వస్తాయి.

బస్ టికెట్ల యాప్ ఒకటి ఉందనుకుందాం. శుక్రవారం సాయంత్రం ఏడింటికి పేమెంట్ సర్వీసు సర్టిఫికెట్ గడువు తీరిపోయింది. ఎనిమిదిన్నరకు కొత్తది పెట్టారు. ఆ గంటన్నరలో వచ్చిన 3,200 పేమెంట్ రిక్వెస్టుల్లో 3,000 విఫలమయ్యాయి. ఊరికి బయలుదేరాల్సిన జనం సీటు ఎంచుకుని, డబ్బు కట్టలేక ఆగిపోయారు.

సోమవారం నివేదికలో అప్‌టైమ్ 100% అని వచ్చింది. నిమిషానికోసారి తనిఖీ చేసే ప్రోగ్రామ్ హోమ్ పేజీనే అడుగుతుంది, అది మామూలుగానే తెరుచుకుంది మరి. ఎర్రర్ రేట్ 0.1%. వారం మొత్తం 40 లక్షల రిక్వెస్టులు, అందులో 4,000 ఎర్రర్లు. బస్సులు వెతికేవాళ్ల లక్షల రిక్వెస్టుల్లో పేమెంట్ల వైఫల్యం కలిసిపోయింది. పేమెంట్లను విడిగా తీస్తే లెక్క మారుతుంది: వారంలో 50,000 రిక్వెస్టులు, 3,000 వైఫల్యాలు, అంటే 6%.

దీనికి తలకిందులైన పరిస్థితి కూడా ఉంది. మరో వారం యాప్ సర్వర్లు 20 నిమిషాలు పూర్తిగా ఆగిపోయాయనుకుందాం. వారానికి 10,080 నిమిషాలు కాబట్టి అప్‌టైమ్ 99.80%. ఎర్రర్ రేట్ మాత్రం పెరగకపోవచ్చు. ఆగిపోయిన యాప్ తన లాగ్‌లో ఏమీ రాయదు, రాయని ఎర్రర్ లెక్కకు రాదు. అందుకే ఎర్రర్లను యాప్ లాగ్‌ల నుంచి కాక, దానికి ముందుండే లోడ్ బ్యాలెన్సర్ దగ్గర లెక్కించడం మేలు. వెనక సర్వర్లు పలకకపోయినా అది 502 లేదా 503 అని నమోదు చేస్తుంది. లోడ్ బ్యాలెన్సరే పడిపోతే మాత్రం బయటి తనిఖీ ఒక్కటే దిక్కు.

కాబట్టి నివేదిక రాసేవారు అప్‌టైమ్ శాతం పక్కన ఆగిన నిమిషాలు రాయాలి. 99.9% అంటే వారానికి సుమారు పది నిమిషాలని చెబితేనే చదివేవారికి అర్థమవుతుంది. లాగిన్, వెతుకులాట, పేమెంట్ ఒక్కోదానికి ఎర్రర్ రేట్ విడిగా ఇవ్వాలి. ఆ శుక్రవారం గురించి రాయాల్సింది ఇంతే: “శుక్రవారం 7:00–8:30 మధ్య 3,000 పేమెంట్లు విఫలం. కారణం: గడువు తీరిన సర్టిఫికెట్. చర్య: 30 రోజుల ముందే హెచ్చరిక వచ్చే ఏర్పాటు.” ఇది చదివిన యాజమాన్యం వచ్చే సోమవారం అడగాల్సిన ప్రశ్న కూడా స్పష్టమే: ఆ హెచ్చరిక పెట్టారా, పరీక్షించి చూశారా?