ఐ-20 ఆలస్యమైతే ఆఫీసుకు ఈమెయిల్ ఎలా రాయాలి?

అమెరికా యూనివర్సిటీలో సీటు వచ్చినట్టు లెటర్ అందాక, విద్యార్థి ఎదురుచూసేది ఐ-20 కోసం. ఆ పత్రం మీద ఎన్ అక్షరంతో మొదలయ్యే సెవిస్ నంబరు ఉంటుంది. ఆ నంబరు ఉంటేనే 350 డాలర్ల సెవిస్ ఫీజు కట్టగలరు, డీఎస్-160 వీసా ఫారం పూర్తిచేయగలరు. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు కూడా ఐ-20 చేతిలో ఉండాలి. అందుకే అది వారం ఆలస్యమైతే మిగతా పనులన్నీ వారం వెనక్కి పోతాయి.

ఇలాంటప్పుడు చాలామంది సీటు ఇచ్చిన అడ్మిషన్స్ ఆఫీసుకే మెయిల్ పెడతారు. కానీ చాలా యూనివర్సిటీల్లో ఐ-20 తయారుచేసేది విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే వేరే ఆఫీసు. అక్కడ డీఎస్‌ఓ అనే అధికారి ఉంటారు. ఆయన విద్యార్థి పాస్‌పోర్టు కాపీ, ఖర్చులకు డబ్బుందని చూపే కాగితాలు పరిశీలిస్తారు. మొదటి ఏడాది ఫీజుకు, తిండికి, ఇంటద్దెకు ఆ డబ్బు సరిపోతుందని తేలాకే ప్రభుత్వ సెవిస్ వ్యవస్థలో వివరాలు నమోదుచేసి, ఐ-20 మీద సంతకం చేస్తారు. కాబట్టి మెయిల్ వెళ్లాల్సింది ఆ ఆఫీసుకే.

ఇక్కడ ఇంకో చిక్కుంది. వేసవిలో న్యూయార్క్ కంటే మనం తొమ్మిదిన్నర గంటలు ముందుంటాం. వాళ్లు ఆఫీసుకు వచ్చేసరికి మనకు సాయంత్రం అవుతుంది. 'మీ స్టూడెంట్ ఐడీ ఎంత?' అని వాళ్లు అడిగి, మనం జవాబిచ్చి, దాన్ని వాళ్లు చూసేసరికి సులువుగా ఓ రోజు పోతుంది. మధ్యలో శని, ఆదివారాలొస్తే మూడు రోజులు. మంచి మెయిల్ అంటే ఎదుటివాళ్లు తిరిగి ఏమీ అడగాల్సిన అవసరం లేకుండా, ఫైలు తెరిచి పని ముగించగలిగేది.

ఒక ఉదాహరణ చూద్దాం. గుంటూరు అమ్మాయి ఒకరికి ఎమ్మెస్‌లో సీటు వచ్చింది. క్లాసులు ఆగస్టు 24న మొదలవుతాయి. ఐ-20కి చూపాల్సిన మొత్తం 42,000 డాలర్లు. మే 4న కాగితాలన్నీ పోర్టల్‌లో పెట్టింది. పది పనిదినాలు పడుతుందని ఆఫీసు చెప్పింది. ఆ గడువు మే 18తో ముగిసింది. గడువు తీరకముందే మెయిల్ పెడితే 'వేచి ఉండండి' అనే జవాబే వస్తుంది కాబట్టి, అప్పటిదాకా ఆగడం మంచిదే.

మెయిల్ రాయడానికి ముందు ఆమె తన కాగితాలు మళ్లీ తీసి చూసుకుంది. రెండు లోపాలు కనిపించాయి. డిపాజిట్ లెటర్ తండ్రి పేరు మీద ఉంది కానీ, 'మా అమ్మాయి చదువు ఖర్చు నేను భరిస్తాను' అని ఆయన సంతకం చేసిన పత్రం అందులో లేదు. ఆ పత్రం లేకపోతే ఆ డబ్బు ఆమెకోసమేనని అధికారి అనుకోవడానికి వీల్లేదు. రెండోది పేరు. ఆమె పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. బ్యాంకు లెటర్‌లో తండ్రి పేరు ముందు 'కె.' అనే పొడి అక్షరమే ఉంది. మనం చూడగానే తండ్రీకూతుళ్లని పోల్చుకుంటాం. అమెరికాలో కూర్చున్న అధికారికి ఆ సంగతి తెలిసే దారి లేదు.

ఆమె తండ్రితో సంతకం చేయించి, ఆ పత్రాన్ని పోర్టల్‌లో పెట్టి, మే 20 బుధవారం సాయంత్రం మెయిల్ పంపింది. రాసింది ఇంగ్లీషులోనే అయినా, తెలుగులో చెప్పుకుంటే అది ఇలా ఉంటుంది.

విషయం: ఐ-20 అభ్యర్థన, స్టూడెంట్ ఐడీ (నంబరు), ఎమ్మెస్ కంప్యూటర్ సైన్స్, ఆగస్టు ప్రవేశం

నమస్కారం.

ఎమ్మెస్ కంప్యూటర్ సైన్స్‌లో సీటు పొందిన విద్యార్థినిని. నా ఐ-20 కోసం మే 4న కాగితాలు సమర్పించాను. మీరు చెప్పిన పది పనిదినాలు పూర్తయ్యాయి. పోర్టల్‌లో ఇంకా 'పరిశీలనలో ఉంది' అని కనిపిస్తోంది.

మా నాన్నగారి హామీపత్రం మొదట జతచేయలేదని గమనించి, ఈరోజు అప్‌లోడ్ చేశాను. బ్యాంకు లెటర్‌లో ఆయన పేరు ముందున్న 'కె.' అక్షరం, నా పాస్‌పోర్టులో పూర్తిగా ఉన్న ఇంటిపేరు ఒకటే.

దయచేసి రెండు విషయాలు తెలియజేయగలరా? నా ఫైలులో ఇంకేమైనా లోటు ఉందా? జూన్ 1 లోపు ఐ-20 ఇవ్వడం వీలవుతుందా? అది అందాక నేను సెవిస్ ఫీజు కట్టి, హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ తీసుకోవాలి. ఆ తేదీకి వీలుకాకపోతే, ఎప్పటికి రావచ్చో చెబితే ఆలస్యంగా చేరడం గురించి మా డిపార్ట్‌మెంటును ముందే అడుగుతాను.

కృతజ్ఞతలు.
పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తి పేరు, స్టూడెంట్ ఐడీ, పుట్టిన తేదీ

విషయం వరుసలో ఐడీ ఉండడంతో మెయిల్ తెరవకముందే ఫైలు దొరుకుతుంది. 'అర్జెంట్' అనే మాట ఎక్కడా లేదు. దానికి బదులు తేదీ ఉంది, ఆ తేదీ ఎందుకో కారణం ఉంది. జూన్‌లో అందరిదీ అర్జెంటే కాబట్టి అధికారికి ఆ మాట కొత్తగా ఏమీ చెప్పదు. 'కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్' అని మనకు అలవాటైన వాక్యం కూడా లేదు. ఏం చేయాలో అది చెప్పదు కదా. ఆ చోట జవాబు చెప్పదగిన రెండు ప్రశ్నలున్నాయి. మర్యాద అంతా 'వీలవుతుందా' అని అడగడంలోనే ఉంది. తప్పు మీదేనన్న ధ్వని ఎక్కడా లేదు.

బ్యాంకు కాగితాలు మెయిల్‌కు జతచేయలేదు, పోర్టల్‌లోనే పెట్టింది. అవి సొంత వివరాలున్న కాగితాలు. పైగా పోర్టల్‌లో పెడితే నేరుగా ఆమె ఫైలులోకే చేరతాయి. మెయిల్ కూడా దరఖాస్తులో ఇచ్చిన ఐడీ నుంచే వెళ్లింది. కన్సల్టెన్సీ వాళ్లో, తల్లిదండ్రులో తమ మెయిల్ నుంచి అడిగితే చాలా ఆఫీసులు వివరాలు చెప్పవు. దరఖాస్తుకు కన్సల్టెన్సీ వాళ్లే మెయిల్ ఐడీ తెరిచి ఉంటే, దాని పాస్‌వర్డ్ ముందే తీసుకుని మార్చుకోవాలి.

జవాబు రాకపోతే అయిదు పనిదినాలు ఆగి మళ్లీ రాయాలి. మే నెల చివరి సోమవారం అమెరికాలో మెమోరియల్ డే సెలవు. కాబట్టి ఈ అమ్మాయి విషయంలో అయిదో పనిదినం మే 28. రెండోసారి కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా పాతదానికే రిప్లై ఇవ్వాలి. చాలా ఆఫీసుల్లో మెయిల్ చేరగానే దానికి ఓ టికెట్ నంబరు పడుతుంది. కొత్త మెయిల్ పెడితే కొత్త నంబరుతో వరుస చివరికి పోతుంది. ఒకే విషయం నలుగురికి పంపితే, ఎవరికి వాళ్లు ఇంకొకరు చూస్తున్నారనుకునే ప్రమాదం ఉంది.

ఐ-20 ఈమెయిల్‌లోనే పీడీఎఫ్‌గా రావచ్చు. రాగానే పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టుతో సరిపోయాయా, కోర్సు, మొదలయ్యే తేదీ సరిగ్గా ఉన్నాయా, అధికారి సంతకం ఉందా చూసుకోవాలి. ప్రింటు తీసి విద్యార్థి కూడా దానిమీద సంతకం చేయాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా సెవిస్ ఫీజు కట్టకముందే అదే మెయిల్‌కు రిప్లై ఇచ్చి, తప్పేమిటో, సరైనదేమిటో పక్కపక్కన రాసి, సరిచేసిన ఐ-20 అడగాలి.